కాని అనబోయినవాడు

మ్వారింగా చాయ్‌లో నానబెట్టిన రొట్టె ముక్కను నోట్లో పెట్టుకుని, తల ఎడమవైపుకు వంచి, కళ్ళు మూసుకుని మింగాడు. ఎడమవైపుకు వంచితే దిగుతుందని పది రోజుల కిందట కనిపెట్టాడు. కుడివైపుకు వంచితే అక్కడే ఆగిపోతుంది. ముక్క దిగాక కళ్ళు తెరిచి, ఇంకో ముక్క తుంచి గ్లాసులో వేశాడు. ఇదివరకు ఇలాంటి రొట్టెలు నాలుగు లేచి నిలబడే లోపల తినేసేవాడు. ఇప్పుడు ఒక్కటి తినడానికి సూర్యుడు కొబ్బరి చెట్ల మొదళ్ళ నుంచి మొవ్వులదాకా ఎక్కుతున్నాడు.

దామా గడప మీద కూర్చుని కొబ్బరి కోరుతోంది. చేతులు కోరుతున్నాయి గాని చూపంతా మొగుడి మెడ మీదే ఉంది. అతను గాలి పీల్చినప్పుడల్లా బండ మీద కత్తి నూరుతున్నట్టు సన్నటి చప్పుడొస్తోంది. నాలుగు రాత్రుల నుంచి అతను పడుకోలేదు, గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీస్తున్నాడు. ఆమె కూడా పడుకోలేదు గాని ఆ సంగతి అతనికి తెలియనివ్వలేదు.

"కాచె నాన్నా, ఇవాళ చెప్తావా, నన్నే పోయి చెప్పమంటావా?" అంది.

కాచె వాళ్ళ కూతురు. పెళ్ళై లోపలి ఊళ్ళకు వెళ్ళి పన్నెండేళ్ళయినా దామా మొగుణ్ణి ఆ పేరుతోనే పిలుస్తుంది.

"నేనే చెప్తా," అన్నాడు. అది మాట కాదు, ఊపిరి.

"నిన్న కూడా అదే అన్నావు. మొన్నా అదే."

అతను గ్లాసు కింద పెట్టాడు. మాటమాటకూ ఆగి గాలి పీల్చుకుంటూ చెప్పాడు. "ఇవాళ చేపల షెడ్డుకు అందరూ వస్తారు. కహిందీ ఉంటాడు. నువ్వు నోరు మెదపకు."

ఆమె మెదపనని మాటిచ్చింది. ఇవ్వకుండా ఉండాల్సింది.

ఆసుపత్రిలో చూసినాయన ఉన్నదున్నట్టు చెప్పాడు. గొంతులో గడ్డ ఉంది. గాలి వెళ్ళే దారిని అది మూసేస్తోంది. మొంబాసా పెద్దాసుపత్రికి వెళ్తే మెడ కింద చిన్న రంధ్రం చేసి గొట్టం పెడతారు, ముందు ఊపిరాడుతుంది, గడ్డ సంగతి తరవాత చూస్తారు. వారం, మహా అయితే పది రోజులు, అంతకు మించి ఆగొద్దన్నాడు. కాగితం రాసిచ్చాడు. పక్కన ఒక మనిషి ఉండాలి, బండి కావాలి, ముందు కొంత కట్టాలి అన్నాడు. ఆ కాగితం మడతలు పడి, చెమటకు మెత్తబడి, మ్వారింగా చొక్కా జేబులో ఉంది. చెప్పిన రోజు నుంచి ఇది తొమ్మిదో రోజు.

బండీ మనిషీ డబ్బూ ఆ ఊళ్ళో ఏ ఒక్కరి దగ్గరా ఉండవు. అందరి దగ్గరా తలా కాస్త ఉంటాయి. అవన్నీ ఒకచోటికి చేరాలంటే హరాంబే పిలవాలి. అందరూ కలిసి ఒక్క పట్టు పట్టడం అన్నమాట. నాణెం మీద అచ్చేసిన మాటే అది, బళ్ళో గోడమీద రాసిన మాటే, కాని ఊళ్ళో దాని అర్థం గోడమీద దొరకదు. ఎవడి కష్టానికి వాడు హరాంబే పిలుచుకోకూడదు. పిలిస్తే అది ముష్టి. కష్టం ఉన్నవాడు ఒక్క మనిషికి చెప్తాడు. ఆ మనిషి వెళ్ళి పదిమందికి చెప్తాడు, కార్డు అచ్చేయిస్తాడు, తేదీ పెడతాడు. ఆ రోజున కష్టం ఉన్నవాడు తల వంచుకుని ఒక మూల కూర్చుంటాడు, మిగతాదంతా జనం చూసుకుంటారు. కాబట్టి మ్వారింగా చెయ్యాల్సింది కొండను తవ్వడం కాదు. ఒక్క మనిషితో ఒక్క మాట చెప్పాలి. దామా చెప్పినా సరిపోయేదే. కాని నలభై ఏళ్ళుగా ఆ తీరంలో జరిగిన ప్రతి హరాంబేకూ కేక వేసినవాడు అతను. తన గొంతు పోయిందన్న సంగతి పెళ్ళాం నోట ఊరికి తెలియడం అతనికి చావుతో సమానంగా తోచింది. మనుషులు ఇలాంటి లెక్కలే వేసుకుంటారు, వేసుకున్నాక వాటినుంచి బయటికి రాలేరు.

ఒక్క మాటకు తొమ్మిది రోజులెందుకు పట్టాయంటే, దానికో పద్ధతుంది. అక్కడ ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే, ఇల్లు కాలిపోయినవాడు కూడా ముందు బాగున్నాననే అనాలి. ఇంట్లో? బాగే. పనిలో? బాగే. కష్టమేం లేదుగా? హకునా షీదా, ఏ కష్టమూ లేదు. అదయ్యాక ఒక జాగా వదులుతారు. అడిగినవాడు సముద్రం వంకో కోళ్ళ వంకో చూస్తూ ఊరుకుంటాడు. అప్పుడు రెండోవాడు 'కాని' అంటాడు. అసలు సంగతి ఆ కాని వెనకాలే వస్తుంది. కాని అనకముందే ఏమైందని గుచ్చి అడగడం మర్యాద కాదు, నీ మొహం చూస్తేనే తెలుస్తోందిలే అన్నట్టు ఉంటుంది. మ్వారింగా గొంతులో ఒక ఊపిరికి ఒక మాట మిగిలింది. ఆ ఒక్కటీ 'బాగే' అనడానికి ఖర్చైపోతోంది. రెండో ఊపిరి అందేలోపు ఎదుటివాడు వదలాల్సినంత జాగా వదిలి, మర్యాదగా ఇంకో సంగతి ఎత్తుకుంటున్నాడు. కహిందీతోనే రెండుసార్లు అలా అయింది. కహిందీ పరాయివాడా అంటే సొంత అక్క కొడుకు, పడవల సంఘానికి పెద్ద.

మ్వారింగా నీలం చేపలున్న హోటలు చొక్కా సర్దుకుని, మోకాళ్ళ పైకి ప్యాంటు మడిచి, ఒడ్డు వెంబడి నడిచాడు. పొడుగాటి మనిషి. ఉప్పునీళ్ళలో నాని నాని పిక్కలు సన్నబడ్డాయి, అరచేతులు మాత్రం పాత తాళ్ళలా బండబారాయి. అరవై ఒకటి నిండాయి. అతనితో పాటు హోటల్లో చేరినవాళ్ళలో కొందరు వంటవాళ్ళయ్యారు, ఒకడు కోటు కూడా తొడుక్కున్నాడు. మ్వారింగా ముప్ఫై ఏళ్ళ కింద నిలబడిన నీళ్ళలోనే నిలబడి ఉన్నాడు. పని ఇది: అడుగున అద్దం ఉన్న పడవ పక్కన నడుములోతు నీళ్ళలో నిలబడి, ఎక్కే అతిథికి చెయ్యందించాలి. పడవ ఊగుతుంది, అతిథి కెవ్వుమంటుంది. అప్పుడు నవ్వుతూ "హకునా మటాటా" అనాలి. ఆ అనడం కూడా పనిలో భాగమే. ఉద్యోగులు తినే గదిలో తలుపు పక్కన రాసి పెట్టారు: అతిథి కనబడితే జాంబో, అతిథి కంగారు పడితే హకునా మటాటా.

ఇళ్ళల్లో ఆ మాట ఎవరూ అనరు. తప్పు మాటేం కాదు, కష్టాలు లేవని దాని అర్థం. కాని వాళ్ళు హకునా షీదా అంటారు, ఏం పర్లేదంటారు, కానీలే అంటారు. మటాటా అంటే పోలీసులొచ్చిన ఇంట్లో ఉండేది, చిక్కుపడ్డ వలలో ఉండేది. మ్వారింగా తల్లి తాడు తెంపుకునే మేకను ఆ మాటతోనే తిట్టేది. ఏ నాడైనా ఇంట్లో దామాతో హకునా మటాటా అని ఉంటే, నేనేమైనా తెల్లదాన్నా అని ఆమె పొట్టచెక్కలయ్యేలా నవ్వి ఉండేది. పడవల వాళ్ళు దాన్ని తమలో తాము సరదాకే వాడతారు, ముక్కుతో, గొంతు పైకెత్తి, హోటలు యాసలో. ఆ మాటకు వెనకాల జాగా ఉండదు. దాని తరవాత కాని అనడానికి వీల్లేదు. తలుపు దగ్గరికేసి గడియ పెట్టినట్టు ఉంటుంది. అతిథికి కావాల్సిందీ అదే.

ఆ ఉదయం పదకొండు మంది అతిథులు. ఇటలీ వాళ్ళు. చివరగా ఎక్కింది ఒక లావుపాటి పెద్దావిడ, ఎర్రగా కందిన భుజాలు, మెడలో పూసలు. మ్వారింగా చెయ్యందించాడు. పడవ ఊగింది. ఆమె అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది. అతను నవ్వాడు, నోరు తెరిచాడు. మాట రాలేదు. గాలి మాత్రం కత్తి నూరినట్టు లోపలికి పోయింది.

ఆవిడ భయం మరిచిపోయి అతని మొహంలోకి చూసింది. మంచి మనిషే. వచ్చీరాని ఇంగ్లీషులో, ఏమైంది, ఒంట్లో బాలేదా అని అడిగింది. ఆ తొమ్మిది రోజుల్లో మర్యాద చూడకుండా, కాని కోసం ఆగకుండా, నేరుగా అడిగిన మనిషి ఆమె ఒక్కతే. మ్వారింగా చెయ్యి జేబు దగ్గరికి వెళ్ళింది. పడవ చుక్కాని దగ్గర నిలబడ్డ థోయా అది చూశాడు. అతిథుల ముందు ఉద్యోగి తన కష్టం చెప్పుకుంటే ఆ సాయంత్రమే చొక్కా విప్పించి పంపుతారు. నిరుడు ఒకణ్ణి పంపారు. థోయా ముప్ఫై దాటినవాడు, ముగ్గురు పిల్లల తండ్రి, మ్వారింగా దగ్గరే పడవ పని నేర్చుకున్నవాడు. పెద్దాయన ఉద్యోగం కాపాడాలనే, చుక్కాని వదలకుండా గట్టిగా "హకునా మటాటా, మమ్మా!" అన్నాడు. పడవంతా నవ్వింది. ఆవిడ కూడా నవ్వేసి, మ్వారింగా భుజం తట్టి, ఆ రెండు ముక్కల మాటను అతనికే తిరిగి అప్పగించింది. ఫోటో తీసుకుంది. ఫోటోలో అతను నవ్వుతూనే పడి ఉంటాడు.

పడవలు పగడపు దిబ్బల వైపు వెళ్ళిపోయాక అతను నీళ్ళలోనే కాసేపు నిలబడ్డాడు. చెయ్యి ఇంకా జేబు మీదే ఉంది. నీళ్ళు నడుముకు తగిలి వెనక్కి పోతున్నాయి. అతనికి కోపం రాలేదు. ఎవరి మీద రావాలో తెలియలేదు.

మధ్యాహ్నం హరాంబే చేపల షెడ్డులో జరిగింది. చారో కూతురు సిదీకి పంతుళ్ళ శిక్షణ కాలేజీలో సీటొచ్చింది. సీటొచ్చినట్టు చారో ఎవరికీ చెప్పలేదు, కహిందీకి ఒక్కడికే చెప్పాడు. కహిందీ మిగతాది చూసుకున్నాడు. చేపలు తూచే బల్ల కడిగి, పువ్వుల గుడ్డ పరిచి, ముఖ్య అతిథికి చేతుల కుర్చీ తెచ్చి వేశారు. ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా వచ్చాడు, అంతకంటే ముందు వస్తే ముఖ్య అతిథి ఎలా అవుతాడు. ఆడవాళ్ళు పాడుతూ ఒక్కొక్కరూ బల్ల దగ్గరికి వచ్చి పళ్ళెంలో వేసి వెళ్ళారు. ఎవరెంత వేశారో పేరుతో సహా మైకులో చదివారు. తక్కువ వేద్దామనుకున్నవాళ్ళు ఆ చదవడం విని జేబులో రెండోసారి చెయ్యి పెట్టారు. తరవాత ఒక కోడిపుంజును వేలం వేశారు. కొన్నవాడు దాన్ని సిదీ పేరిట తిరిగి ఇచ్చేశాడు, మళ్ళీ వేలం వేశారు, అలా ఆ పుంజు అయిదుసార్లు అమ్ముడుపోయి, చివరికి ఎవరిదో తెలియక బల్ల కింద పడుకుంది. చారో మూలన తల వంచుకుని కూర్చున్నాడు. అతని మెడ వెనక చెమట చూస్తూ మ్వారింగా, ఆ మూలన కూర్చోవడం అంత కష్టంగా ఏమీ ఉండదని అనుకున్నాడు. తల వంచుకోవాలి, అంతే. తల వంచడం అతనికిప్పుడు బాగా అలవాటైన పనే.

చివర్లో జనమంతా లేచి నిలబడి మూడుసార్లు హరాంబే అనాలి. కేక మ్వారింగాది. అతని పేరు మైకులో పిలిచారు. అతను లేచి బల్ల ముందుకు వెళ్ళాడు. ముందు నుంచీ ఇదే అదననుకుంటున్నాడు. కేక వెయ్యమన్నప్పుడు కహిందీ పద్ధతి ప్రకారం యోగక్షేమం అడుగుతాడు. అందరి ముందూ అడుగుతాడు. అందరి ముందూ 'కాని' అనొచ్చు. గొంతు పెగలకపోతే కాగితం చూపించొచ్చు.

కహిందీ అడిగాడు. "మామా, బాగున్నావా?"

మ్వారింగా ఊపిరి పీల్చుకున్నాడు. తల ఊపాడు, మాట మిగుల్చుకోవాలని.

"అత్త బాగుందా? కష్టమేం లేదుగా?"

ఇక్కడ తల ఊపితే చాలదు, మాట అనాలి. "లేదు," అన్నాడు మ్వారింగా. ఆ ఒక్కటీ బయటికొచ్చింది, బొంగురుగా, ముందు వరస దాకా మాత్రమే.

కహిందీ జాగా వదిలాడు. పెద్దమనిషి, పద్ధతి తెలిసినవాడు, బల్ల మీది గుడ్డ అంచు సర్దుతూ ఊరుకున్నాడు. షెడ్డులో రెండొందల మంది ఊరుకున్నారు. ఎక్కడో పసిపిల్ల ఏడిస్తే తల్లి రొమ్మిచ్చింది. మ్వారింగా గాలి కోసం నోరు తెరిచాడు. గాలి లోపలికి సన్నగా, నెమ్మదిగా, సూదిలో దారం ఎక్కినట్టు ఎక్కుతోంది. ఇంకొంచెం ఎక్కితే 'కాని' అనొచ్చు. చెయ్యి జేబులోకి వెళ్ళి కాగితం అంచు పట్టుకుంది. జనం అతని గొంతు నరాలు తాళ్ళలా లేవడం చూశారు. ముసలాయన కేక వెయ్యబోయి వెయ్యలేకపోతున్నాడని అనుకున్నారు. చూడలేకపోయారు. అతన్ని అందరికంటే ఎక్కువ ప్రేమించేది బహుశా థోయానే. అందరికంటే ముందు అతనే చూడలేకపోయాడు.

"హకునా మటాటా, పెద్దాయనా!" అన్నాడు వెనక నుంచి, ముక్కుతో, హోటలు యాసలో.

షెడ్డు షెడ్డంతా నవ్వింది. ప్రేమగానే నవ్వింది. ఒక పెద్దమనిషిని సిగ్గుపడకుండా కాపాడుకున్నామన్న తేలికతో నవ్వింది. ముఖ్య అతిథి కూడా బొజ్జ కదిలేలా నవ్వాడు. మైకు పట్టుకున్న కుర్రాడు ఆ నవ్వు అందుకుని, తనే గొంతు సాగదీసి హరాంబే అని అరిచాడు, జనం హే అని బదులిచ్చారు. మూడుసార్లూ అయిపోయింది. జాగా మూసుకుపోయింది. మ్వారింగా నోట్లో పోగైన గాలి, దేనికి పోగుచేశాడో ఆ పనికి అక్కర్లేకుండా, బయటికి వెళ్ళిపోయింది.

కహిందీ అతని భుజం మీద చెయ్యి వేసి, జలుబు చేసినట్టుందే మామా, అల్లం వేసి వేడినీళ్ళు తాగు అన్నాడు. అంతలో ముఖ్య అతిథి కారు దగ్గరికి నడుస్తుంటే వెంట పరిగెత్తాడు. మ్వారింగా కాగితాన్ని జేబులో లోపలికి తోశాడు.

సాయంత్రం పోటు ఎక్కువగా ఉంది, దక్షిణపు గాలి మొదలైంది. పెద్ద పడవను ఒడ్డు మీదికి లాక్కోకపోతే అలలు రాళ్ళకేసి కొడతాయి. ఆ పడవ సంఘానిది, ఎనిమిది ఇళ్ళకు కూడు పెట్టేది. ఇరవైమంది పోగయ్యారు. దుంగలు వరసగా పరిచారు, ముక్కుకు తాడు కట్టారు, రెండు వరసలుగా నిలబడ్డారు. పొద్దు ఇంకా గూకలేదు, ఇసుక ఎర్రగా ఉంది.

ఇక్కడ హరాంబే అనడం వేరు. బల్ల దగ్గర అనడం దీని నీడ మాత్రమే. కేక వేసేవాడు తాడు పట్టడు. పక్కన, పడవ ముక్కు కనబడేచోట నిలబడి 'హరా' అని మొదలుపెట్టి, 'అంబే'ను సాగదీస్తాడు. సాగుతున్నంతసేపూ ఎవరూ లాగరు. మడమలు ఇసుకలో పాతుకుంటారు, తాడు అరచేతుల్లో సర్దుకుంటారు, ఊపిరి నింపుకుంటారు. కేక ఆగిన క్షణాన అందరూ 'హే' అంటారు, అనడమూ లాగడమూ ఒక్కటే. పడవ జానెడు కదులుతుంది. వెనక దుంగ తీసి ముందు వేస్తారు. మళ్ళీ. ఎంత సాగదియ్యాలో ఎవరూ నేర్పరు. తక్కువైతే సగంమంది సిద్ధంగా ఉండరు, ఎక్కువైతే సిద్ధమైనవాళ్ళ ఊపిరి జారిపోతుంది. మ్వారింగాకు మాత్రం తెలుసు. ఇరవైమంది ఊపిరితిత్తులు నిండిన సంగతి అతనికి తన గుండెల్లోనే తెలిసేది. అతను పిలిస్తే పడవ తనంతట తను నడిచొస్తుందని జనం నవ్వులాటకు అనేవాళ్ళు.

కహిందీ అతని వంక చూశాడు. మ్వారింగా గొంతు మీద వేలు పెట్టి తల అడ్డంగా ఊపాడు. "పోనీలే మామా, కూర్చో," అన్నాడు కహిందీ. కేక థోయాను వెయ్యమన్నారు.

థోయా గొంతు మంచిదే. కాని తొందర మనిషి. మొదటి కేక చాలా పొట్టిగా తెగింది. సగంమంది లాగారు, సగంమంది తూలారు. తాడు కొట్టుకుంది, పడవ ఒక పక్కకు ఒరిగి దుంగ మీంచి జారింది. రెండోసారీ అదే. అల వచ్చి పడవ వెనక భాగాన్ని పైకెత్తి పడేసింది, చెక్క కిరకిరలాడింది. ఎవడో తిట్టాడు.

మ్వారింగా చూస్తూ కూర్చోలేకపోయాడు. లేచి వెళ్ళి తాడు పట్టుకున్నాడు. వరసలో అందరికంటే ముందు, థోయాకు కనబడేలా. వద్దని ఎవరో అన్నారు, అతను వినలేదు. థోయా కేక ఎత్తుకున్నాడు. మ్వారింగా ఒక చెయ్యి తాడు మీంచి తీసి పైకెత్తి పట్టుకున్నాడు. థోయా ఆ చెయ్యిని చూస్తూ కేకను సాగదీశాడు. సాగింది, ఇంకా సాగింది, చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. చెయ్యి దిగింది. హే! పడవ మూరెడు కదిలింది. జనం గుండెల్లోంచి సంతోషం వచ్చింది. మళ్ళీ చెయ్యి లేచింది. అందరి ఊపిరీ నిండే దాకా అతను చెయ్యి ఎత్తి ఉంచుతున్నాడు. తన ఊపిరి మాత్రం నిండటం లేదు, అది అతనొక్కడికే తెలుసు. మొహం బూడిదరంగుకు తిరిగింది. వరసల్లో ఇరవైమంది లాగుతుంటే ఎవరికైనా కనబడేది ముందున్నవాడి వీపే, థోయా చూపేమో ఆ చెయ్యి మీదే. తొమ్మిది పట్లలో పడవ రాళ్ళు దాటి, మెత్తటి ఇసుక మీదికి వచ్చి నిలబడింది.

జనం తాడు వదిలి, చేతులు దులుపుకుని, ఒకరినొకరు వెక్కిరించుకుంటూ చెల్లాచెదురయ్యారు. మ్వారింగా పడవ పక్కకు నడిచి, దాని ఒంటికి వీపు ఆనించి ఇసుకలో కూర్చున్నాడు. రాత్రుళ్ళు గోడకు ఆనుకుని కూర్చునే తీరులోనే కూర్చున్నాడు. ఎదురుగా సముద్రం. కాళ్ళు చాపుకున్నాడు. కత్తి నూరే చప్పుడు కాసేపు గట్టిగా వచ్చింది. తరవాత నెమ్మదించింది. అలల హోరులో అది ఎప్పుడు ఆగిందో ఎవరూ వినలేదు.

కహిందీ తాడు చుట్టచుట్టి భుజాన వేసుకుని వచ్చాడు. షెడ్డులో మామ నోరు తెరుచుకుని నిలబడ్డ తీరు అతని మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. తాడు కింద పడేసి అతని పక్కన కూర్చున్నాడు.

"మామా," అన్నాడు, సముద్రం వంకే చూస్తూ. "ఇందాక ఏదో అనబోయావు. నేనే తొందరపడ్డాను. చెప్పు, ఇప్పుడు నాకు పనేం లేదు."

జాగా వదిలాడు. ఈసారి నిజంగా వదిలాడు. మొహంలోకి చూడలేదు, అలా చూడకూడదు. ఒక అల వచ్చి విరిగింది, ఇంకొకటి వచ్చింది. రెండు కొంగలు తడి ఇసుక మీద వాలి, ఏదో పొడుచుకుని, లేచిపోయాయి. పిల్లలు పడవలోకి ఎక్కుతుంటే చెయ్యూపి తరిమాడు. మామ సావకాశంగా మాట కూడగట్టుకుంటున్నాడని, తొందరపెట్టకూడదని, అంతసేపు కూర్చున్నాడు. ఆ తీరంలో ఎవరూ ఎవరికోసమూ అంతసేపు ఆగి ఉండరు. పొద్దు కొబ్బరి చెట్ల వెనక్కి దిగి, పడవ నీడ వాళ్ళ పాదాలు దాటి నీళ్ళదాకా పాకాక, అప్పుడు తల తిప్పి చూశాడు.

ఆ తరవాత జరగాల్సినవి చకచకా జరిగాయి. అందులో ఆ ఊరికి సాటి లేదు. కహిందీ గట్టిగా కూడా అనలేదు, నిలబడి మామూలు గొంతుతో "హరాంబే," అన్నాడు, చెల్లాచెదురైనవాళ్ళంతా వెనక్కి వచ్చారు. ఒకడు తలుపు చెక్క తెచ్చాడు. ఆడవాళ్ళు తమ భుజాల మీది కంగా గుడ్డలు తీసి ఇచ్చారు. చారో చేపల వ్యాను తెచ్చి ఒడ్డున నిలబెట్టాడు, లోపలి ఊళ్ళకు వెళ్ళి కాచెను తీసుకొస్తానని ఒకడు, పక్క ఊళ్ళకు కబురు చేస్తానని ఒకడు, శవపెట్టె సంగతి నాదని ఒకడు. మధ్యాహ్నం సిదీకి ఇచ్చిన దాంట్లో సగం పెద్దాయనకే పెట్టండని చారో ఏడుస్తూ అన్నాడు, సిదీ కూడా తల ఊపింది. అడగకుండానే బండి వచ్చింది, మనుషులొచ్చారు, డబ్బొచ్చింది. థోయా ఒక్కడూ దేనికీ ముందుకు రాలేదు. నీళ్ళ అంచున నిలబడి, కేక వేసేవాడు నిలబడాల్సిన చోటే నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

దామా అప్పుడు వచ్చింది. ఇంట్లో ఉండలేకపోయింది. ఇచ్చిన మాట తప్పుదామని, తిట్టుకుంటే తిట్టుకోనీ, కహిందీకి తనే చెప్పేద్దామని, దారి పొడుగునా ఎలా చెప్పాలో అనుకుంటూ వచ్చింది. వట్టి చేతులతో రాకుండా మొగుడికి పల్చగా కాచిన జొన్న జావ డబ్బాలో పోసి తెచ్చింది. గుంపును చూసింది. చెక్కను చూసింది. అందరూ తప్పుకుని ఆమెకు దారిచ్చారు. ఆమె గుడ్డ తొలగించి మొగుడి మొహం చూసి, మళ్ళీ కప్పింది. మెడ దగ్గర చొక్కా బొత్తం ఊడి ఉంటే పెట్టింది. అప్పుడు కహిందీని అడిగింది.

"చెప్పాడా నీకు?"

"ఏం చెప్పాలి అత్తా?"

ఆమె చాలాసేపు అతని వంక చూసింది. కహిందీ ఆమె మాట కోసం ఆగాడు. చుట్టూ జనమంతా ఆగారు.

"ఏం లేదు," అంది.

చెక్క ఎత్తారు. లేవనెత్తేటప్పుడు ఒక్క పట్టున లేవాలి గనక ఎవరో అలవాటుగా కేక ఎత్తుకోబోయి మానుకున్నారు. చెక్క ఒక పక్కకు ఒరిగి, సర్దుకుని, వ్యాను దాకా వెళ్ళింది. జనం దాని వెంట వెళ్ళారు. దామాను ఇద్దరు ఆడవాళ్ళు చెరో రెక్కా పట్టుకుని నడిపించారు. పడవ అంచు మీద, మూత కొంచెం పక్కకు జరిగి, జావ డబ్బా ఉండిపోయింది. అందులోంచి ఇంకా సన్నగా ఆవిరి వస్తోంది.